పేజీ పైన ఒక్క వరుస

మా పిన్ని బస్సెక్కితే కిటికీ పక్క సీటే చూసుకుంటుంది. దారిపొడుగునా దుకాణాల బోర్డులు చదువుతూ, బొటనవేలిని మిగతా వేళ్ల కణుపుల మీద నడిపిస్తూ, ఒక్కో బోర్డునూ కుదించుకుంటూ పోతుంది. ‘ఇచట అన్ని రకముల గడియారములు, టార్చిలైట్లు నమ్మకముగా బాగుచేయబడును’ అని ఉంటే, బస్సు ఆ దుకాణం దాటేలోపు అది ఆమె పెదాల మీద ‘గడియారాలు, టార్చిల రిపేరు’ అయిపోతుంది. కుదరకపోతే మొహం చిన్నబుచ్చుకుని తర్వాతి బోర్డుకు పోతుంది. పక్కన ఎవరు కూర్చున్నా, ఏం మాట్లాడుతున్నా ఈ పని ఆగదు.

బాబాయి కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. రోజంతా నోరు మూసుకుని చేసే పని కాబట్టి ఇంటికొచ్చాక ఆ లెక్కంతా సరిచేసుకుంటాడు. “మీ పిన్ని పెళ్లయిన కొత్తలో నన్ను ‘ఏమండీ’ అని పిలిచేదమ్మా. ఆ పత్రికలో చేరాక ‘ఏం’ దగ్గర ఆపేసింది. ఇప్పుడు దగ్గుతుంది, నేను వెళ్లి నిలబడాలి” అంటాడు. పిన్ని నవ్వదు. “ఆ మాటనే సగంలో చెప్పొచ్చు” అంటుంది.

పిన్ని పనిచేసేది ఒక పరిశోధన పత్రికలో. ఫ్యాక్టరీల్లో, వర్క్‌షాపుల్లో, గనుల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్యం మీద డాక్టర్లూ పరిశోధకులూ రాసే పేపర్లు అందులో వస్తాయి. ఏడాదికి నాలుగు సంచికలు. కాలేజీ ఆవరణలో ఒక పాత మేడ మీద రెండు గదులు ఆ పత్రిక ఆఫీసు. ముందు గదిలో ఎడిటర్ గారు, వెనక గదిలో సబ్ ఎడిటర్‌గా పిన్ని. ఆమె కిటికీలోంచి చూస్తే సైకిల్ స్టాండు రేకులు కనిపిస్తాయి, వాటి మీద ఎప్పుడూ ఒక చెప్పు ఉంటుంది. అది ఎవరిదో, ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. సెలవుల్లో నేను ఆ గదికి, అచ్చుకు ముందు వచ్చే ప్రూఫులు చదవడానికి వెళ్లేదాన్ని. నేను అసలు ప్రతిని పైకి చదువుతుంటే ఆమె ప్రూఫులో సరిచూసుకునేది.

పరిశోధకులకు ఒక అలవాటుంది. పేపరులో ఏముందో అంతా శీర్షికలోనే చెప్పేయాలనుకుంటారు. మూడు వరుసలు, నాలుగు వరుసలు పోతుంది. మొదటి పేజీలో అలాగే వేస్తారు, ఇబ్బంది లేదు. కానీ ఆ తర్వాత ప్రతి పేజీ నెత్తిన, పేజీ నంబరు పక్కన, ఆ శీర్షిక కుదించిన రూపం ఒకటి రావాలి. దాన్నే రన్నింగ్ టైటిల్ అంటారు. ఖాళీలతో కలిపి దానికి ఇన్ని అక్షరాలే అని హద్దుంటుంది. ఎవరైనా పత్రికను మధ్యలో తెరిచినా, ఒక్క పేజీ చేతికొచ్చినా, అది ఏ పేపరులోదో దాన్నిబట్టే తెలియాలి. రచయితలు తామే ఒకటి రాసి పంపాలి. సగంమంది పంపరు. పంపినవాళ్లలో సగంమందికి హద్దు గుర్తుండదు. అప్పుడు అది పిన్ని చేతికొస్తుంది.

ఆ పనిలో ఆమెకు మంచి పేరుండేది. ‘ఒక పరిశీలన’, ‘గురించిన అధ్యయనం’, ‘యొక్క ప్రభావము’ లాంటివి ఆమె పెన్సిలు ముందు నిలిచేవి కావు. ఎడిటర్ గారు ఆమెను ‘కత్తెర’ అని పిలిచేవారు. “ఏదీ, మన కత్తెర ఎక్కడ? ఈ రైలుబండిని కాస్త ఆటోలో పట్టేట్టు చేయాలి” అంటూ కాగితాలు పట్టుకుని వచ్చేవారు. పిన్ని అక్కడే నిలబెట్టి, కుదించి ఇచ్చేది. హద్దు కన్నా తక్కువలోనే ముగించడం ఆమెకు పంతం. ఆయన చదివి “అబ్బా!” అనేవారు. ఆ ఒక్క “అబ్బా” కోసం ఆమె రోజంతా పనిచేసేది. ఈ మాట నేను ఊహించి రాయడం లేదు, ఆమే తర్వాత చెప్పింది, తల దించుకుని.

రెండో పని కీవర్డులు. పేపరును వెతికేవాళ్లకు దొరికేలా కొన్ని మాటలు ఏరి, సారాంశం కింద వేయాలి. ఈ పత్రికలో ఐదుకు మించకూడదు. దీనికి పిన్ని దగ్గర ఒక సూత్రముంది: కీవర్డు శీర్షికలో ఉన్న మాటే అయి ఉండాలి. ఆమె ఉద్యోగంలో చేరిన రోజుల్లో అది సరైన సూత్రమే. అప్పట్లో ఏడాది చివరి సంచిక వెనక ఆ ఏడాది పేపర్లన్నిటికీ అకారాది క్రమంలో విషయసూచిక అచ్చువేసేవాళ్లు. ఎవరికైనా ఒక పేపరు శీర్షికలో ఏదో ఒక్క మాట గుర్తుంటే, సూచికలో ఆ మాట కింద వెతికి పేజీ పట్టుకునేవాళ్లు. శీర్షికలో లేని మాటను సూచికలో పెడితే గందరగోళమని అప్పటి ఎడిటర్ ఆమెకు నేర్పాడు. తర్వాత ఆ సూచిక ఆగిపోయింది, వెతకడం కంప్యూటర్లలోకి పోయింది. సూత్రం మాత్రం పిన్నిలో ఉండిపోయింది.

ఇలా ఉండగా చెవుల డాక్టరమ్మ పేపరు వచ్చింది.

ఆమెది ఊరి చివర మరమగ్గాల షెడ్ల మధ్య ఒక చిన్న ఆసుపత్రి. వినికిడి పరీక్షలు చేస్తుంది. చిన్న వయసు. అదే ఆమె మొదటి పేపరు. షెడ్లలో ఆడవాళ్లకు యజమానులు చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిళ్ళలు ఇస్తారు. అవి పెట్టుకుంటున్నా వాళ్లకు చెవుడు వస్తూనే ఉందని ఆమె పరీక్షలు చేసి తేల్చింది. పెట్టిన శీర్షిక ఇది: ‘వినికిడి రక్షణకు చెవి బిళ్ళలు వాడుతున్నప్పటికీ మరమగ్గాల షెడ్లలో దీర్ఘకాలంగా పనిచేస్తున్న స్త్రీలలో వినికిడి తగ్గుదల: మూడు షెడ్లలో ఒక పరిశీలన.’ రన్నింగ్ టైటిల్ కూడా తనే రాసి పంపింది. అది హద్దు దాటింది. కీవర్డులు ఐదు పంపింది: శబ్దం వల్ల వినికిడి లోపం, వృత్తి ఆరోగ్యం, వస్త్ర పరిశ్రమ, మహిళా కార్మికులు, వినికిడి పరీక్షలు.

“చూడవే, ఒక్కటైనా శీర్షికలో ఉందా?” అంది పిన్ని నాతో. ఐదూ కొట్టేసింది. చెవి బిళ్ళలు, మరమగ్గాలు, షెడ్లు, స్త్రీలు, వినికిడి తగ్గుదల అని రాసింది. రన్నింగ్ టైటిల్ కోసం శీర్షిక మొదటి సగంలోంచి కొన్ని మాటలు తీసుకుని, మిగతావి వదిలేసింది. ‘వినికిడి రక్షణకు చెవి బిళ్ళలు: మరమగ్గాల స్త్రీలు.’ ముందు గదిలోంచి “అబ్బా!” వినిపించింది.

ప్రూఫు వెళ్లాక డాక్టరమ్మ ఫోన్ చేసింది. పిన్ని ఫోన్ బల్ల మీద పెట్టి మాట్లాడుతుంది కాబట్టి నాకూ వినిపించింది.

“మేడమ్, నమస్కారం. ఆ పేజీ పైన వరుస ఉంది కదండీ... అది చదివితే బిళ్ళలు పనిచేస్తున్నాయని అనుకుంటారేమోనండీ.”

“అది టైటిల్ కాదమ్మా, గుర్తు. లోపల పేపరుంది కదా చదవడానికి.”

“ఉందనుకోండి. కానీ ఒక్క పేజీ చూసినవాళ్లు...”

“ఒక్క పేజీ చదివి ఎవరూ ఏదీ అనుకోరు. అందులో నేను చేర్చిన మాట ఒక్కటైనా ఉందా చెప్పు? అన్నీ నీ మాటలే.”

“కీవర్డుల్లో శబ్దం అన్న మాట పోయిందండీ” అంది ఆ అమ్మాయి, గొంతు ఇంకా తగ్గించి.

“నీ శీర్షికలో శబ్దం ఎక్కడుంది? లేనిది నేనెలా పెడతాను? ఇది మా పత్రిక పద్ధతమ్మా. మొదటి పేపరు కదా, అన్నీ కొత్తగానే ఉంటాయి. ప్రూఫు మీద సంతకం పెట్టి పంపించు, సంచిక ఆలస్యమవుతోంది.”

సంతకం పెట్టి పంపింది. పక్కన చిన్న అక్షరాలతో, ‘రన్నింగ్ టైటిల్, కీవర్డుల విషయం దయచేసి మరొకసారి చూడగలరు’ అని రాసింది. పిన్ని చూసింది. “ఎంత మర్యాదగా మొండికేస్తోందో చూడు” అని, ఫైల్లో పెట్టేసింది. సంచిక వచ్చింది.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కాలేజీ లైబ్రేరియన్ గారు మేడ మెట్లెక్కి వచ్చారు. పిన్నికీ ఆయనకూ పాతికేళ్ల స్నేహం, ఆయన ఆమెను ‘చెల్లెమ్మా’ అంటారు, టీకి వంతులు వేసుకుంటారు. ఆ రోజు వంతు ఆయనది. టీ పోస్తూ మాటల్లో చెప్పారు: ఫ్యాక్టరీలలో శబ్దానికి కొత్త పరిమితులు పెట్టడానికి ప్రభుత్వం కమిటీ వేసింది. ఇక్కడి పత్రికల్లో ఆ విషయం మీద ఏమేం వచ్చాయో వెతికిపెట్టమని లైబ్రరీని అడిగింది. ఆయన వెతికి పంపారు.

“మంచి పేపర్లే దొరికాయి చెల్లెమ్మా. కానీ బట్టల మిల్లుల్లో ఆడవాళ్ల మీద మాత్రం ఏమీ లేదు. దొరికినవాటిలో బిళ్ళలు పెట్టుకున్నవాళ్ల మీద అసలే లేదు. అలాంటి పరిశోధన జరగలేదని కమిటీకి రాసేశాను.”

“జరగకపోవడమేంటన్నయ్యా? మేం వేశాంగా!” అంది పిన్ని, గ్లాసు కింద పెట్టి. “మా పత్రికలోనే. సరిగ్గా అదే.”

“మీ పత్రిక మొత్తం వెతికాను.”

“అయితే మీ కంప్యూటర్‌కు కళ్లజోడు కావాలి. మా ఆయన్ని పంపనా?”

ఆయన నవ్వి, ఆమె కంప్యూటర్లోనే లైబ్రరీ సూచిక తెరిచారు. ఇక్కడి పత్రికల కోసం వాళ్లు తయారుచేసుకున్నది అది. అందులో శీర్షిక, రచయిత పేరు, కీవర్డులు మాత్రమే ఉంటాయి, సారాంశాలు ఎక్కించే సిబ్బంది లేరు. ‘శబ్దం’ అని కొట్టారు. వరుసగా పేపర్లు వచ్చాయి. డాక్టరమ్మది లేదు. ‘వృత్తి ఆరోగ్యం’ అని కొట్టారు. లేదు. ‘వస్త్ర పరిశ్రమ’. లేదు. ‘మహిళా కార్మికులు’. లేదు.

“మరమగ్గాలు అని కొట్టండి” అంది పిన్ని. గొంతులో అప్పటికే తేడా వచ్చింది.

వచ్చింది.

“ఇదిగో, ఉంది! అయితే దీన్నెలా పట్టుకుంటాం చెల్లెమ్మా?” అన్నారాయన. ఆయనకింకా ఏమీ తెలియదు, మామూలుగానే మాట్లాడుతున్నారు. “కమిటీ వాళ్లకు కావలసింది శబ్దం. మరమగ్గాలని వాళ్లెందుకు వెతుకుతారు? ఈ కీవర్డులు చూడు, ఐదింటికి ఐదూ శీర్షికలోవే. శీర్షికను ఎలాగూ వెతుకుతుంది కదా మెషీను. ఉన్న మాటే మళ్లీ పెడితే ఆ చోటు వృథా. శీర్షికలో పట్టని మాటలు పెట్టడానికే కదా కీవర్డులు? వెతికేవాడి నోట్లో ఏ మాట ఉంటుందో అది పెట్టాలి. పాపం, ఎవరో కొత్త రచయిత అయ్యుంటారు, తెలియక రాసుంటారు.”

ఆయన ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయేదాకా పిన్ని తెర మీదే చూస్తూ కూర్చుంది. ‘అది రాసింది నేను’ అని ఆయనతో అనలేకపోయింది. ఆ మాట అనడానికి ఆమెకు మర్నాటిదాకా పట్టింది. ఫోన్లో అంది, ఎదురుగా కాదు.

ఆయన వెళ్లగానే పాత ప్రూఫు ఫైల్లోంచి తీసి చూసింది. పక్కన రాసిన ఆ మర్యాదైన వాక్యం చూసి మొహం ఎర్రబడింది. ఆమె ఎర్రబడటం నేను అంతకుముందు చూడలేదు. “ఫైల్లో పెట్టానే” అంది నాతో. “చదివి మరీ పెట్టాను.”

వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసి, కలవడానికి వస్తానంది. “రండి మేడమ్” అంది ఆ అమ్మాయి. “వస్తే షెడ్డుకు కూడా తీసుకెళ్తాను. మీరొక్కసారి చూడాల్సింది ఒకటుంది.” కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేదని పిన్ని బస్సులో అంది. ఆ రోజు బోర్డులేవీ చదవలేదు.

షెడ్డు దగ్గరకు వెళ్లకముందే దాని చప్పుడు కాళ్ల కింద తెలిసింది. లోపలికి అడుగుపెట్టగానే పిన్ని రెండు చేతులతో చెవులు మూసుకుంది, మళ్లీ సిగ్గుపడి దించేసింది. మగ్గాల మధ్య ఆడవాళ్లు నారింజ రంగు బిళ్ళలు చెవుల్లో పెట్టుకుని నడుస్తున్నారు. మాట్లాడుకోవలసి వస్తే ఒకరి మొహం ఒకరు చూసుకుని పెదాలు పెద్దగా కదుపుతున్నారు. గొంతు వాడటం ఎప్పుడో మానేసినట్టున్నారు.

సూపర్‌వైజరు మమ్మల్ని అద్దాల గదిలోకి తీసుకెళ్లాడు. పిన్ని ఏ పత్రిక నుంచి వచ్చిందో తెలియగానే కుర్చీ తుడిచి మరీ వేశాడు.

“మీరేనా మేడమ్! కూర్చోండి, కూర్చోండి. మీ పత్రిక వల్ల మాకెంత మేలు జరిగిందో!”

గోడ మీద చూపించాడు. ప్లాస్టిక్ కవరులో ఒక పేజీ. డాక్టరమ్మ పేపరులో మూడో పేజీ. ఒక ఆడమనిషి చెవిలో బిళ్ళ పెట్టుకుంటున్న ఫొటో, పక్కన బిళ్ళ ఎలా పెట్టుకోవాలో నాలుగు వాక్యాలు. పైన, పేజీ నంబరు పక్కన, ‘వినికిడి రక్షణకు చెవి బిళ్ళలు: మరమగ్గాల స్త్రీలు.’ ఆ వరుస కింద ఎవరో ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీశారు.

“మా యజమానుల సంఘం వాళ్లు అన్ని షెడ్లకూ పంపారండి. కమిటీకి కూడా ఇదే ఇచ్చారట. ముందు మా ఆడవాళ్లు తలనొప్పి, చెవిలో హోరు అని గొడవచేసేవాళ్లు. మగ్గాలకు అదేదో చప్పుడు తగ్గించే రబ్బర్లు వేయమనేవాళ్లు. ఇప్పుడు చూపిస్తాను. ఇదిగో, పెద్ద పత్రికే రాసింది, బిళ్ళలు పెట్టుకుంటే రక్షణ, పెట్టుకుని పనిచేసుకోండి అంటాను. ఏమంటారు ఇంక?”

“మిగతా పేజీలు చదివారా?” అంది పిన్ని. చాలా మెల్లగా అంది. అతను చెయ్యి చెవి వెనక పెట్టుకుని “ఆఁ?” అన్నాడు. అతనికీ సరిగ్గా వినపడదు. ఆమె మళ్లీ అనాల్సి వచ్చింది.

“లేదండీ. పైన రాసుంది కదా.”

డాక్టరమ్మ నేల చూస్తూ నిలబడింది. ‘నేను చెప్పాను కదా’ అన్న మాట ఆమె నోటి నుంచి వస్తుందేమోనని నేను భయపడ్డాను. రాలేదు. పిన్ని పేజీ పైన ఆ వరుస చూపిస్తూ, “అది తప్పండి. ఆ పేపరు చెప్పేది దానికి వ్యతిరేకం” అంది. సూపర్‌వైజరు మర్యాదగా నవ్వాడు. “మీరే రాసి, మీరే తప్పంటే ఎలా మేడమ్?” అన్నాడు.

బయటికొచ్చాక పిన్ని అంది, “నన్ను ఏదైనా అను అమ్మా. ఊరికే ఉండకు.”

“అనడానికేముంది మేడమ్” అంది డాక్టరమ్మ. “వాళ్లలో కొందరు నా దగ్గరికి పరీక్షకు రావడం మానేశారు. బిళ్ళలు పనిచేస్తాయని పత్రికలో రాసి, మాకు మాత్రం పనిచేయవంటావేంటి అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. కమిటీ చివరి సమావేశం ఈ నెలాఖరుకు. ఆ పేజీ ఒక్కటే అక్కడుంటే నా పని మొత్తం వాళ్ల వైపు సాక్ష్యమవుతుంది.”

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చుని కొత్త రన్నింగ్ టైటిల్ రాశారు. డాక్టరమ్మ చెప్పింది, పిన్ని పెన్సిలుతో రాసింది. ‘చెవి బిళ్ళలు వాడినా తగ్గే వినికిడి.’ పిన్ని అలవాటుగా వేళ్ల మీద లెక్కపెట్టి, ఆగిపోయింది. ఆమె రాసిన దాని కన్నా ఇది చిన్నది. ఆ రోజు ఇంకో నిమిషం ఆగి ఉంటే చాలు, దొరికేది. మగ్గాల సంగతి పట్టలేదు, పట్టకపోయినా ఫరవాలేదు. పేపరు ఏం తేల్చిందో అది మాత్రం పోకూడదు. కీవర్డులు మాత్రం డాక్టరమ్మ మొదట పంపిన ఐదూ అలాగే తిరిగి పెట్టుకున్నారు. వాటికి చేయాల్సిన దిద్దుబాటే లేదు.

అచ్చయిన పేపరులో ఇలాంటిది మార్చాలంటే గుట్టుగా మార్చేయడానికి వీల్లేదు. పత్రికలో సవరణ ప్రకటన వేయాలి, ఏం తప్పు జరిగిందో చెప్పాలి. ఆ ప్రకటనను అసలు పేపరుకు జతచేయాలి. పేపర్లు ఎక్కించుకున్న సూచికలన్నిటికీ కొత్త కీవర్డులు పంపాలి. పిన్ని ప్రకటన రాసి ఎడిటర్ గారి బల్ల మీద పెట్టింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఏమ్మా కత్తెరా, నీ జన్మలో ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదే.”

ఆమె నవ్వలేదు. ఆయన మళ్లీ చదివారు.

“ ‘సబ్ ఎడిటర్ పొరపాటు వల్ల’... ‘రచయిత ప్రూఫు దశలోనే అభ్యంతరం తెలిపినప్పటికీ’... ఇదంతా ఎందుకు? సాంకేతిక కారణాల వల్ల అని వేద్దాం. అందరూ అలాగే వేస్తారు. ఊరంతా టముకు వేసుకోవాలా?”

“సాంకేతిక కారణం అంటే, సంఘం వాళ్లు ఆ అమ్మాయే మాట మార్చిందంటారు సర్. కమిటీ కోసం తర్వాత దిద్దించుకుందంటారు. మొదటి నుంచీ ఆ అమ్మాయి సరిగ్గానే చెప్పిందని ఉండాలి.”

“ఆవిడ సంతకం పెట్టింది కదమ్మా ప్రూఫు మీద. అది మనకు చాలు.”

“నేను పెట్టించాను.”

“పత్రిక పేరు ఏమవుతుంది?”

“నాకు తెలియదు సర్. నా పేరు కూడా ఏమవుతుందో తెలియదు. చాలా సిగ్గుగా ఉంది. దయచేసి ఇలాగే వేయండి.”

ఆయన కోపంగానే కలం తీశారు. ‘సబ్ ఎడిటర్’ కొట్టేసి ‘పత్రిక కార్యాలయం’ అని రాశారు. ఆయన మంచితనం అది, ఆమెను దాచాలనుకున్నారు. ఆమె ఆయన ఎదుటే దాన్ని మళ్లీ మార్చింది. కార్యాలయం అంటే ఎడిటర్ కూడా వస్తారు, ఆ వరుస ఆయన కుదించలేదు కదా అంది. “మెచ్చుకున్నాను కదా” అన్నారాయన, కిటికీ వైపు తిరిగి. తర్వాత ఆయన సంతకం పెట్టారు.

తర్వాతి సంచిక దాకా ఆగకుండా ప్రకటనను వెబ్‌సైటులో వేశారు. పిన్ని దాన్నీ, పూర్తి పేపరునూ తీసుకుని కమిటీ కార్యదర్శి ఆఫీసుకు స్వయంగా వెళ్లింది. అక్కడ వరండాలో చాలాసేపు కూర్చోబెట్టారు. చివరకు లోపలికి పిలిచిన గుమాస్తా ప్రకటన చదివి, “సబ్ ఎడిటర్ అంటే ఎవరండీ?” అని అడిగాడు. “నేనే” అంది. అతను ఆమెను ఒకసారి పైనుంచి కిందికి చూసి, కాగితాలు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో బాబాయికి అంతా చెప్పింది. ఆయన ఎప్పుడూ వేసే జోకులేవీ వేయలేదు. “నేను పవరు తప్పు వేసిన అద్దం ఒకాయన ఏడాదంతా పెట్టుకు తిరిగాడు” అని మాత్రం అన్నాడు. “కళ్లజోడు తిరిగి తెచ్చాడా?” అని పిన్ని అడిగింది. “తెచ్చాడు.” “నా దగ్గరికి ఎవరూ తేలేదండీ. ఫోన్ చేసి చెబితే కూడా తీసుకోలేదు నేను” అంది. ఆయన ఆమె పళ్లెం తీసి కడగడానికి వెళ్లాడు.

కమిటీ నివేదికలో బిళ్ళల గురించిన అధ్యాయం అప్పటికే పూర్తయిపోయింది. అందులో, మహిళా కార్మికుల విషయంలో తగిన పరిశోధన అందుబాటులో లేదన్న వాక్యం అలాగే అచ్చయింది. దాని కింద చిన్న అక్షరాలతో ఒక అధోజ్ఞాపిక చేరింది. బిళ్ళలు మాత్రమే సరిపోకపోవచ్చని, మరమగ్గాల షెడ్లలో శబ్దాన్ని కొలవాలని, ఫలానా పేపరు చూడమని. షెడ్లలో కొలతలు ఇంకా మొదలుకాలేదు. డాక్టరమ్మ దగ్గరికి పరీక్షలకు రావడం మానేసినవాళ్లలో కొందరు తిరిగి వస్తున్నారు, కొందరు రావడం లేదు. సూపర్‌వైజరుకు పిన్ని కొత్త పేజీ పోస్టులో పంపింది. దాన్ని గోడకు పెట్టాడో లేదో మాకు తెలియదు. వెళ్లి చూడటానికి పిన్నికి మొహం చెల్లలేదు.

డాక్టరమ్మ ఆ తర్వాత ఒకసారి ఆఫీసుకు వచ్చింది, ఏదో సర్టిఫికెట్ కోసం. పిన్ని లేచి నిలబడింది. ఇద్దరూ టీ తాగారు. రెండో పేపరు రాస్తున్నానని చెప్పింది. ఎక్కడికి పంపుతున్నావని పిన్ని అడగలేదు, ఆ అమ్మాయీ చెప్పలేదు. అది వేరే పత్రికలో వచ్చింది. లైబ్రేరియన్ గారు తెచ్చి చూపిస్తే పిన్ని మొదట కీవర్డులు చదివి, తర్వాత పేజీ నెత్తిన వరుస చదివి, “బాగుంది” అని తిరిగి ఇచ్చేసింది.

ఎడిటర్ గారు ఇప్పుడు ఆమెను పేరుతో పిలుస్తారు. రన్నింగ్ టైటిల్ హద్దు దాటితే ఆమె కుదించదు, కుదించి పంపమని రచయితకే తిప్పి పంపుతుంది. పని నెమ్మదించింది, సంచికలు ఆలస్యమవుతున్నాయి. లైబ్రరీలో ఎవరైనా ‘శబ్దం’ అని వెతికితే ఇప్పుడు ఆ పేపరు వస్తుంది. దాని కిందనే, దానికి జతచేసిన సవరణ ప్రకటన కూడా వస్తుంది. పిన్ని ఆ పత్రికలో ఇంకా సబ్ ఎడిటర్‌గానే ఉంది.